ఒక్క మాట తేడాతో తప్పయిన వాక్యం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన సంఘం వారు అడిగారు. బడి జ్ఞాపకాలు రాసేవారు చాలామందే ఉంటారు. ఏళ్ళ తరబడి సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక నేను ఒక పరీక్ష ప్రశ్న చరిత్ర రాస్తున్నాను. యూనిట్ పరీక్షల్లో ‘తప్పొప్పులు గుర్తించండి’ అని వచ్చే ప్రశ్నలు మీకు గుర్తుండే ఉంటాయి. బ్రాకెట్‌లో ఒక టిక్కో ఇంటూయో పెట్టేసి, పక్కవాడి పేపరు కేసి ఓ చూపు చూసి, ముందుకు పోయేవారు. అలాంటి వాక్యం ఒకటి కింద ఇస్తున్నాను. పెద్దవాళ్ళయ్యారు కదా, చెప్పండి, ఇది తప్పా ఒప్పా?

‘1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టిన పొట్టి శ్రీరాములు 58వ రోజున, డిసెంబరు 15న మరణించారు, ఆయన త్యాగ ఫలితంగా 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది.’

తరగతిలో ఇది చదివితే చురుకైన పిల్లల చూపు ముందు అంకెల మీదికి పోతుంది. దీక్ష మొదలైన తేదీ సరైనదే. 58 అన్న లెక్క కూడా సరిపోతుంది. అక్టోబరులో మొదటి రోజుతో కలిపి 13, నవంబరులో 30, డిసెంబరులో 15. మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో ఆ దీక్ష సాగింది కనుక మద్రాసు అన్నదీ నిజమే. శ్రీరాములు గారు పోయిన నాలుగో రోజున, డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. మరుసటి సంవత్సరం అక్టోబరు 1న కర్నూలులో ఆ రాష్ట్రాన్ని ప్రారంభించిందీ ఆయనే. టంగుటూరి ప్రకాశం పంతులు గారు తొలి ముఖ్యమంత్రి. కర్నూలులో ఆఫీసులకు చాలినన్ని భవనాలు లేక కొన్నింటిని డేరాల్లో నడిపారు. ఇన్ని సరిపోయాక పిల్లవాడు ధైర్యంగా టిక్కు పెట్టేస్తాడు. మార్కు పోతుంది.

తప్పు ‘ప్రదేశ్’ అన్న ఒక్క మాటలో ఉంది. 1953లో వచ్చింది ఆంధ్ర రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబరు 1న, హైదరాబాదు రాజధానిగా.

ఇక్కడ పిల్లలు ఎప్పుడూ అడిగే మాట ఒకటుంది: ‘మాస్టారూ, వాక్యంలో అన్నీ రైటే కదా, ఒక్క మాటే కదా తప్పు, అర మార్కయినా వేయరా?’ స్టాఫ్ రూములోనూ దీని మీద వాదన జరిగేది. తప్పొప్పుల ప్రశ్నలో అర మార్కుకు చోటు లేదనేది పరీక్ష నియమం. వాక్యం మొత్తం నిజమైతేనే ఒప్పు. అయితే నా పట్టింపుకు కారణం ఆ నియమం కన్నా ఆ మాట మోస్తున్న బరువు.

శ్రీరాములు గారు దీక్ష చేస్తున్న రోజుల్లో తెలంగాణ హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. దానికి వేరే శాసనసభ, ముఖ్యమంత్రిగా బూర్గుల రామకృష్ణారావు గారు ఉన్నారు. మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాలను విడదీయాలన్న ఉద్యమంతో ఆ రాష్ట్ర సరిహద్దులకు సంబంధం లేదు. 1955లో ఫజల్ అలీ కమిషన్ తన నివేదికలో తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరగబోయే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే అప్పుడు ఆంధ్రతో కలపవచ్చని చెప్పింది. అలా ఆగకుండా, 1956 ఫిబ్రవరిలో రెండు ప్రాంతాల నాయకులూ కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ఆ నవంబరులో విలీనం జరిగింది. మనం రాసిన వాక్యంలో ‘ప్రదేశ్’ ఉంచి ఒప్పు అన్నామంటే ఈ మూడేళ్ళ కథ మొత్తం మాయమైపోతుంది. కమిషన్ సిఫారసూ ఉండదు, ఒప్పందమూ ఉండదు. 1969లో గాని, ఆ తర్వాత గాని ఆ ఒప్పందం అమలు కాలేదని తెలంగాణలో జనం ఎందుకు రోడ్డెక్కారో పిల్లవాడికి అర్థం కాదు. మన పూర్వ విద్యార్థుల్లో ఇటువారూ ఉన్నారు, అటువారూ ఉన్నారు. ఈ వాక్యం ఇద్దరికీ ఒకేలా వినపడదు.

2014 జూన్ 2 తర్వాత ఈ పొరపాటు ఇంకా సులువైంది. ఇప్పటి పిల్లలు చూసే ఆంధ్రప్రదేశ్ పటం దాదాపు 1953 నాటి ఆంధ్ర రాష్ట్రంలాగే ఉంటుంది. పటం ఒకటే కనుక పేరూ ఒకటే అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు.

ఇదే వాక్యాన్ని వేరే చోట తప్పు చేయవచ్చు. అక్టోబరు 19ని 18 చేస్తే చాలు. అలా చేసేవారూ ఉన్నారు. నాకది గిట్టదు. 18 అని రాసిన ప్రశ్నకు సరిగ్గా ఇంటూ పెట్టిన పిల్లవాడికి తేదీ బట్టీ వచ్చిందని తెలుస్తుంది తప్ప మరేమీ తెలియదు. పైగా రోజుల లెక్కలోనే తిరకాసుంది. మొదటి రోజును కలపకుండా లెక్కిస్తే 57 వస్తుంది. ఎవరి లెక్క ప్రకారం తప్పో చెప్పలేని చోట తప్పును దాచకూడదు.

మాట చేర్చడం వల్లే కాదు, మాట జారవిడిచినా వాక్యం తప్పవుతుంది. ‘భారతదేశంలో భాష ప్రాతిపదికన ఏర్పడిన తొలి రాష్ట్రం ఆంధ్ర’ అన్నది గైడ్లలో తరచూ కనపడే వాక్యం. ఒకసారి ఒక పరీక్ష ‘కీ’లో దీన్ని ఒప్పుగా ఇచ్చారు. కాని ఒడిశాను 1936 ఏప్రిల్ 1న, బ్రిటిష్ వారి కాలంలోనే, ప్రధానంగా భాష ఆధారంగా వేరే ప్రావిన్సుగా చేశారు. మనం తెలుగులో ప్రావిన్సునూ రాష్ట్రమనే రాస్తాం కనుక, బాగా చదివిన పిల్లవాడు తప్పు అని పెట్టి మార్కు పోగొట్టుకుంటాడు, సగం చదివినవాడు గెలుస్తాడు. ‘స్వాతంత్ర్యం వచ్చాక’ అన్న రెండు మాటలు ముందు చేర్చి ఉంటే పేచీ ఉండేది కాదు.

టిక్కూ ఇంటూ మాత్రమే అడిగితే గుడ్డిగా పెట్టినవాడికీ పదిలో అయిదు రావచ్చు. అందుకని నేను ‘తప్పయితే సరిచేసి రాయండి’ అని కలిపేవాణ్ణి. అప్పుడు అసలు సంగతి బయటపడేది. మొదటి వాక్యాన్ని కొందరు ‘ఆంధ్రప్రదేశ్’ కొట్టేసి ‘ఆంధ్ర’ అని రాసేవారు. మరికొందరు తేదీ కొట్టేసి 1956 నవంబరు 1 అని దిద్దేవారు. రెండోది కూడా రైటే అనిపిస్తుంది కదా? కాదు, ఎందుకంటే వాక్యంలో కర్నూలు ఉంది. 1956 అని మార్చాక రాజధానిని హైదరాబాదుగా మార్చాలి. అంతటితోనూ ఆగదు. ‘త్యాగ ఫలితంగా’ అన్నదాన్నీ దిద్దాలి, ఎందుకంటే శ్రీరాములు గారు అడిగిన రాష్ట్రం మూడేళ్ళ ముందే వచ్చేసింది. తేదీ ఒక్కటే మార్చి వదిలేసినవాడికి కర్నూలు ఎప్పుడు, ఎన్నాళ్ళు రాజధానిగా ఉందో తెలియదన్నమాట. ఆ వాక్యం నుంచి కర్నూలు తీసేస్తే ఆ తేడా పట్టుకునే వీలుండదు. ప్రశ్నపత్రం నకలు తీసేటప్పుడు చోటు చాలదని ఆ మాట తగ్గించమని ఎవరన్నా అంటే, ఇంకో ప్రశ్న తీసేయమనేవాణ్ణి.