బీపీ మాత్ర: రాత్రా, పొద్దునా?

రక్తపోటు రోజంతా ఒకేలా ఉండదన్న సంగతి చేతికి కట్టే పట్టీతో పక్కాగా తేలలేదు. 1960ల చివర్లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు చేతి ధమనిలోకే సన్నటి గొట్టం పెట్టి, మనిషి తిరుగుతూ, తింటూ, పడుకుంటూ ఉండగానే పోటును నమోదు చేశారు. 1978లో లండన్ దగ్గరి హారోలో మిల్లర్-క్రెయిగ్ బృందం అదే పని చేసి, పొద్దుటిపూట పోటు బాగా పెరుగుతుందని, నిద్రలో బాగా పడిపోతుందని చూపించింది. గుండెపోట్లు కూడా ఉదయం వేళల్లోనే ఎక్కువగా వస్తున్నాయని 1985లో అమెరికాలో లెక్క తేలింది.

ఆ తర్వాత 1988లో డబ్లిన్ వైద్యుడు ఓబ్రయన్ బృందం ఇంకో సంగతి గమనించింది. కొందరికి రాత్రి పోటు తగ్గడం లేదు. సాధారణంగా పగటికన్నా రాత్రి పదిశాతమైనా తగ్గాలి. అంటే పగలు పై అంకె 140 ఉంటే నిద్రలో 126కు దిగాలి. అలా దిగనివాళ్లలో పక్షవాతం ఎక్కువగా కనిపించింది. జపాన్‌లోని ఒహసామా ఊళ్లో ఏళ్ల తరబడి సాగిన పరిశీలన కూడా దీన్నే బలపరిచింది.

అప్పుడొక ఊహ సహజంగానే పుట్టింది. ప్రమాదం రాత్రి పోటులో ఉంటే మాత్ర రాత్రే వేసుకోవాలి కదా! స్పెయిన్‌లో ఎర్మీదా బృందం ఈ ఊహనే పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్ల హైజియా అధ్యయనం 2019లో వెలువడింది. అందులో 19,084 మంది ఉన్నారు, సగటున ఆరేళ్లకు పైగా గమనించారు. పడుకునే ముందు మాత్ర వేసుకున్నవాళ్లలో గుండె, రక్తనాళాల ఆపదలు 45 శాతం తగ్గాయని తేల్చారు. వార్త ప్రపంచమంతా పాకింది. మన ఇళ్లలోనూ ‘రాత్రి వేసుకుంటే గుండెకు మంచిదట’ అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఆ ఫలితం నన్నయితే మొదటినుంచీ ఒప్పించలేదు. రెండు గుంపుల మధ్య పోటులో తేడా చాలా స్వల్పం. అంత చిన్న తేడాతో ఆపదలు దాదాపు సగానికి పడిపోతాయంటే, బీపీ మందుల మీద అంతకుముందు ఇతరులు చేసిన పెద్ద పరీక్షలు దానికి సాక్ష్యం చెప్పవు. రోగులను రెండు గుంపులుగా ఎలా విడదీశారన్న దాని మీద కూడా ఇతర నిపుణులు గట్టిగా ప్రశ్నలు లేవనెత్తారు.

జవాబు బ్రిటన్ నుంచి వచ్చింది. డండీ విశ్వవిద్యాలయంలో టామ్ మెక్‌డొనాల్డ్ నడిపిన ‘టైమ్’ అధ్యయనం 2011లో మొదలైంది. 21,104 మంది ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చేరారు. ఎవరికి ఏ వేళ అన్నది కంప్యూటర్ చీటీ వేసినట్టు నిర్ణయించింది. ఒక గుంపు ఉదయం 6 నుంచి 10లోపు, మరొకటి రాత్రి 8 నుంచి 12లోపు రోజూ వేసుకునే మాత్రలే వేసుకోవాలి. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రతో నిద్ర చెడితే దాన్ని సాయంత్రం 6కు జరుపుకోవచ్చు. ఐదేళ్లకు పైగా గమనించాక, గుండెపోటు, పక్షవాతం లేదా ఆ కారణంగా మరణం ఎదురైనవాళ్లు రాత్రి గుంపులో 362 మంది, పొద్దుటి గుంపులో 390 మంది. రెండు గుంపుల్లోనూ పది వేలకు పైగా ఉన్నారు కాబట్టి ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చేదే. కెనడాలో స్కాట్ గారిసన్ బృందం చేసిన ‘బెడ్‌మెడ్’ ఫలితాలు 2024లో వెల్లడయ్యాయి. అక్కడా తేడా కనబడలేదు. వృద్ధాశ్రమాల్లోని బలహీనులను విడిగా పరీక్షించినా అంతే.

రాత్రి పోటు ముఖ్యమన్న మాట తప్పు కాదు. మాత్ర వేళ మార్చి దాన్ని సరిచేయవచ్చన్న అంచనాయే నిలబడలేదు. అందుకు ఒక కారణం మందుల తీరులోనే ఉంది. మనదగ్గర ఎక్కువగా రాసే ఆమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే 35 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటే వారం, పది రోజుల్లో రక్తంలో దాని మోతాదు నిలకడకు వస్తుంది. ఆ తర్వాత పొద్దున ఎనిమిదికి వేసుకున్నా రాత్రి తొమ్మిదికి వేసుకున్నా ఇరవైనాలుగు గంటలూ మందు పనిచేస్తూనే ఉంటుంది. బ్రిటన్, గ్రీస్‌లలో జరిగిన ‘హార్మొనీ’ అనే చిన్న పరీక్షలో రోజంతా కొలిచినా, వేళ మారినంతమాత్రాన పోటు మారలేదు.

మారేది మరపు. ‘టైమ్’లో కేటాయించిన వేళ ఎప్పుడో ఒకప్పుడు తప్పామన్నవాళ్లు రాత్రి గుంపులో 39 శాతం, పొద్దుటి గుంపులో 22.5 శాతం. 2024 యూరప్ హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు రోగికి అనువైన వేళే మంచిదన్నది ఇందుకే.

కాబట్టి టిఫినప్పుడు గుర్తుండేవాళ్లు టిఫినప్పుడే, పడక సర్దుకునేటప్పుడు గుర్తుండేవాళ్లు అప్పుడే వేసుకోండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, రాత్రి మూత్రానికి పదేపదే లేవాల్సి వస్తున్నా డాక్టరుకు చెప్పండి. వాట్సాప్‌లో వచ్చిన మాట విని వేళ మార్చకండి, మానేయకండి.