అనుమతి కోరే వినతిపత్రం

ప్రభుత్వ శాఖ నుంచి అనుమతి కోరుతూ, ఆధారాలను వరుసగా చూపి రాసే లేఖ. నాగోల్‌లోని ఒక కాలనీ సంక్షేమ సంఘం ఉమ్మడి బోరు కోసం తహసీల్దారుకు రాసే లేఖను ఉదాహరణగా తీసుకోవచ్చు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా బావి తవ్వకూడదు. బోరుకూ ఇదే వర్తిస్తుంది.

లేఖ ఇలా ఉంటుంది:

విషయం: కాలనీ ఉమ్మడి స్థలంలో బోరు వేసుకొనేందుకు అనుమతి కోరుట – గురించి.

సూచిక: 1. వాల్టా చట్టం, 2002. 2. సంఘం సర్వసభ్య సమావేశ తీర్మానం, తేదీతో.

జతపరచినవి: 1. తీర్మానం నకలు. 2. సంఘం రిజిస్ట్రేషన్ పత్రం నకలు. 3. స్థల పత్రాల నకళ్లు. 4. సమీప తాగునీటి బోరుకు దూరం చూపే స్థల పటం.

సూచిక అంటే లేఖకు ఆధారమైన పాత పత్రం. జత అంటే లేఖతోపాటు అందించే కాగితం. తీర్మానం రెండుచోట్లా వస్తుంది. చట్టాన్ని పేర్కొంటే చాలు, జతచేయనక్కర్లేదు. లేఖలో ‘సూచిక 2 ప్రకారం’, ‘జత 4లో చూపినట్లు’ అని రాస్తే, పరిశీలించే గుమాస్తా నేరుగా ఆ కాగితం తీస్తారు. వరుస సంఖ్య తప్పినా, తీర్మానానికి తేదీ లేకపోయినా వివరణ కోరుతూ లేఖ తిరిగి రావచ్చు. రెండో ప్రతిపై కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకుంటే అందజేసినట్లు రుజువు ఉంటుంది.