బీటా కెరోటిన్ స్థానంలోకి లుటీన్ ఎలా వచ్చింది?

రెటీనా నడుమ ఒక చిన్న పసుపు మచ్చ ఉంటుంది. దానినే మాక్యులా అంటారు. అక్షరాలు చదవడానికీ, ముఖాలు గుర్తుపట్టడానికీ మనకు తోడ్పడేది ఆ భాగమే. ఆ పసుపు రంగు ఆకుల్లోని వర్ణకమే కావచ్చునని శాస్త్రవేత్త జార్జ్ వాల్డ్ 1945లో సూచించారు. అది లుటీన్, జియాజాంతిన్ అనే రెండు పదార్థాల కలయిక అని 1985లో తేలింది. వీటిని శరీరం తయారుచేసుకోలేదు. ఆకుకూరలు, మొక్కజొన్న, గుడ్డు పచ్చసొన వంటి ఆహారం నుంచే అందాలి.

వయసు పైబడినవారిలో మాక్యులా క్షీణించే వ్యాధిపై అమెరికా జాతీయ నేత్ర సంస్థ 1992లో ‘ఏరెడ్స్’ అనే పెద్ద పరిశీలన ఆరంభించింది. అప్పటికి లుటీన్ మాత్రలు మార్కెట్లో లేవు. అందువల్ల విటమిన్ సి, విటమిన్ ఇ, జింక్, రాగితోపాటు దాని బంధువైన బీటా కెరోటిన్‌ను వాడారు. ఫలితాలు 2001లో వెలువడ్డాయి. వ్యాధి మధ్య దశకు చేరినవారిలోనూ, ఒక కన్ను ఇప్పటికే దెబ్బతిన్నవారిలోనూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్న నూరుమందిలో సుమారు 28 మందికి ఐదేళ్లలో వ్యాధి ముదిరింది. అసలు మాత్ర వేసుకున్నవారిలో 20 మందికి ముదిరింది. మేలు నిజమే, కానీ పరిమితం. పోయిన చూపును ఆ మాత్ర తిరిగి తేలేదు.

ఈలోగా మరొక దిక్కు నుంచి చిక్కు వచ్చిపడింది. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులపై జరిగిన పరిశీలనలో బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తెలిసింది. కంటిని కాపాడే మాత్ర ఊపిరితిత్తులకు చేటైతే ఎలా?

2006లో మొదలైన ‘ఏరెడ్స్ 2’ ఈ ప్రశ్ననూ ఎదుర్కొంది. అందులో లుటీన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంతిన్ 2 మిల్లీగ్రాములు ఇచ్చారు. పొగతాగుతున్నవారికి బీటా కెరోటిన్ ఇవ్వనేలేదు. అయినా 2013 నాటి ఫలితాలలో బీటా కెరోటిన్ పొందినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ నూటికి ఇద్దరిలో, పొందనివారిలో దాదాపు ఒకరిలో కనిపించింది. ఆ క్యాన్సర్ వచ్చినవారిలో అత్యధికులు ఏనాడో పొగ మానేసినవారే! లుటీన్‌తో ఆ ముప్పు కనిపించలేదు. పాత మాత్రకు అదనంగా చేర్చినంత మాత్రాన లుటీన్ చెప్పుకోదగ్గ మేలు చేయలేదు; ఆహారంలో అది బాగా తక్కువగా ఉన్నవారిలో మాత్రం కొంత ప్రయోజనం సూచనగా కనిపించింది. బీటా కెరోటిన్ స్థానం దానికి దక్కింది ప్రధానంగా సురక్షితమైనదనే.

ఉదాహరణకు, పదేళ్ల క్రితం బీడీ మానేసిన, ఒక కంట మాక్యులా దెబ్బతిన్న 68 ఏళ్ల వ్యక్తిని తీసుకుందాం. రెండవ కంటి కోసం ఆయనకు ఈ మాత్ర ఉపయోగపడవచ్చు. డబ్బాపై బీటా కెరోటిన్ పేరు లేదని చూసుకోవాలి. కన్ను బాగున్న ఆయన కుమారునికి అది అనవసరం. వ్యాధి తొలి దశలో ఉన్నవారికీ మేలు రుజువు కాలేదు. శుక్లాలను ఇది ఆపదు. కారణం లేకుండా ఏళ్ల తరబడి మింగడానికి అందులోని జింక్ మోతాదు కూడా చిన్నది కాదు. తలుపు చట్రం వంటి సరళరేఖలు హఠాత్తుగా వంకరగా కనిపిస్తే అది మాత్రల కోసం ఎదురుచూడవలసిన సమయం కాదు. రోజుల వ్యవధిలోనే రెటీనా వైద్యుని చూడాలి.