అజ్ఞాత ఇంటర్వ్యూలో గొంతు మార్పిడి

మాట్లాడింది ఎవరో పోల్చుకోలేకుండా, వినడానికి మాత్రం మనిషి గొంతులాగే ఉండేలా పిచ్‌నూ ఫార్మెంట్లనూ జరిపే ప్రక్రియ ఇది. తెలుగు సినీరంగంలో దీని అవసరం ఎంతటిదో 2018లో తెలిసింది. ఆ ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి ఫిలింనగర్‌లోని ఫిలిం ఛాంబర్ ముందు లైంగిక దోపిడీపై నిరసనకు దిగారు. అక్టోబరులో గాయని, డబ్బింగ్ కళాకారిణి చిన్మయి తనకు చేరిన లైంగిక వేధింపుల అజ్ఞాత అనుభవాలను ట్విటర్‌లో పెట్టారు. అవి రాతలు కాబట్టి పేరు తీసేస్తే చాలావరకు సరిపోయింది. అదే కథను గొంతుతో చెప్పించాలంటే పని అంత తేలిక కాదు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్, కృష్ణానగర్‌ల మధ్య పనిచేసేవాళ్లు ఒకరి గొంతు ఒకరు రోజూ వింటూనే ఉంటారు.

గొంతులో మనం గుర్తుపట్టేవి ముఖ్యంగా రెండు. స్వరతంత్రులు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తాయన్నది పిచ్. మగవారిలో ఇది సుమారు 120 హెర్ట్జ్, ఆడవారిలో 210 దగ్గర ఉంటుంది. ఆ ధ్వని గొంతు, నోటి కుహరంలో ప్రతిధ్వనించి కొన్ని పౌనఃపున్యాల దగ్గర బలపడుతుంది; అవి ఫార్మెంట్లు. కుహరం పొడవును బట్టి అవి మారతాయి. మగవారిలో ఆ పొడవు దాదాపు 17 సెంటీమీటర్లు, ఆడవారిలో 14, 15. టేపును నెమ్మదిగా తిప్పితే రెండూ కలిసి ఒకే నిష్పత్తిలో దిగుతాయి, మాట సాగుతుంది, రాక్షసుడి గొంతు వస్తుంది. పిచ్ ఒక్కటే బాగా దించితే చిన్న శరీరంలోంచి పెద్ద గొంతు వచ్చినట్టు అసహజంగా ఉంటుంది. కాబట్టి రెండింటినీ విడివిడిగా, కొద్దికొద్దిగా జరపాలి.

ఉదాహరణకు కృష్ణానగర్‌లో ఉండే ఒక జూనియర్ ఆర్టిస్టు మాట్లాడిందనుకుందాం. ఆమె సగటు పిచ్ 210 హెర్ట్జ్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాట్‌లో ఆమె రికార్డింగును ఎంచుకున్నాక ఈ ఒక్క ఆదేశం చాలు:

```
Change gender: 100, 500, 0.9, 168, 0.9, 1
```

మొదటి రెండు అంకెలు పిచ్‌ను వెతకాల్సిన హద్దులు. మూడోది ఫార్మెంట్ల నిష్పత్తి. 0.9 అంటే ఆమె నోటి కుహరం దాదాపు 16 సెంటీమీటర్లున్నట్టు వినిపిస్తుంది. నాలుగో అంకెతో పిచ్ 168కి, అంటే సుమారు నాలుగు అర్ధస్వరాలు దిగుతుంది. అయిదోది పిచ్ హెచ్చుతగ్గుల విస్తృతి. గొంతు యంత్రంలా మారేది ఎక్కువగా ఇక్కడే. దీన్ని సున్నా చేస్తే కోపమూ భయమూ లేని ఒకే గీత మిగులుతుంది. చివరిది వేగం, దీన్ని కదపకపోవడమే మేలు.

వినికిడిలో తప్పు రెండు చోట్ల దొరుకుతుంది. తెలుగు వాక్యం చివర ‘ఉ’కారం సన్నబడి గొంతు గరగరలాడితే సాఫ్ట్‌వేర్ పిచ్‌ను సగంగా లెక్కగడుతుంది, గొంతు ఒక్కసారి పాతాళానికి జారినట్టుంటుంది. ప్రాట్ తెరమీద పిచ్ గీత అక్కడ హఠాత్తుగా సగానికి పడిపోయి కనిపిస్తుంది. కింది హద్దును 100 నుంచి 130కి పెంచి మళ్లీ చేయాలి. రెండోది ‘స’కారం. ఫార్మెంట్లను 0.8 కిందికి తెస్తే ‘స’ కాస్తా ‘ష’లా మారుతుంది. ఏడుపు, వెక్కిళ్లు ఉన్న చోట, ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట ఏ లెక్కా కుదరదు. అందుకే విలేఖరికి వేరే మైకు పెట్టాలి, గదిలో ఫ్యాను ఆపాలి.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఇంటర్వ్యూ పొడవునా ఒకే నిష్పత్తి వాడితే, ఎవరైనా దాన్ని తిరగేసి 1.11తో ఫార్మెంట్లను పెంచి, పిచ్‌ను నాలుగు అర్ధస్వరాలు ఎక్కిస్తే అసలు గొంతుకు చాలా దగ్గరగా వస్తుంది. పైగా యాస ఏ అంకెకూ లొంగదు. ‘చేసిన్రు’ అన్న మాట ‘చేశారు’ కాదు. ఊతపదం, నవ్వు, తడబాటు అలాగే ఉంటాయి. సెట్‌లో ఆమెతో పనిచేసిన మేనేజరుకు ఆ ఆనవాళ్లు చాలు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. అత్యాచారం వంటి లైంగిక నేరాల బాధితురాలిని గుర్తించేలా ఏది ప్రచురించినా భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల వరకు జైలు ఉంది. దీనికి ముందున్న ఐపీసీ 228ఏ సెక్షన్‌ను వివరిస్తూ 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు, దూరంగానైనా ఆమెను పట్టించే వివరం బయటపెట్టరాదని చెప్పింది.

ఈ కారణాలవల్ల బీబీసీ సంపాదకీయ మార్గదర్శకాలు సాంకేతికంగా వంచిన గొంతుకన్నా మరో మనిషి గొంతునే మేలంటాయి. ఫిలింనగర్‌కు ఆ విద్య కొత్త కాదు. ‘ఏ మాయ చేసావే’ (2010)లో తెరమీద సమంత ఉంటే వినిపించింది చిన్మయి గొంతు. సాక్ష్యం చెప్పిన మనిషి మాటలను యాస మార్చి రాసి, నమ్మకస్తురాలైన డబ్బింగ్ కళాకారిణితో, ఆ తడబాట్లు లేకుండా చెప్పించాలి. ప్రసారంలో ‘వేరొకరి గొంతు’ అని తెరమీద వేయాలి. ఆమె గొంతే వినిపించక తప్పకపోతే ముక్కముక్కకూ నిష్పత్తి కొద్దిగా మార్చి, ఆమెను ఎరిగిన ఒకరికి ముందు వినిపించి, గుర్తుపట్టలేదని తేలాకే వేయాలి. ఆ వినే మనిషిని ఆమే ఎంచుకోవాలి.