పంట రుణంపై బ్యాంకు లాయరు నోటీసు వస్తే ఏం చేయాలి?

పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టించుకుని ఇచ్చిన కవరు మీద వకీలు పేరు కనబడగానే ఇంట్లో అందరికీ కంగారు పుడుతుంది. పొలం వేలం వేస్తారేమో, పోలీసులు వస్తారేమో అని ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ కాగితానికి ఉన్న బలం ఎంతో, మీరు చేయవలసింది ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం. ఇక్కడ చెప్పేది వాణిజ్య బ్యాంకులో, గ్రామీణ బ్యాంకులో తీసుకున్న పంట రుణాల గురించి. సహకార సంఘాల బాకీల వసూలుకు వేరే చట్టం ఉంది.

1. అది కోర్టు ఉత్తర్వు కాదు

లాయరు నోటీసు అంటే బ్యాంకు తరఫున వకీలు రాసిన ఉత్తరం. "ఇంత బాకీ ఉంది, ఇన్ని రోజుల్లో కట్టండి, లేకపోతే కేసు వేస్తాం" అన్నదే దాని సారం. ఆ గడువు దాటిన మర్నాడే ఎవరూ వచ్చి పొలం తీసుకోలేరు. కేసు వేయాలి, మీకు సమన్లు రావాలి, మీ మాట వినాలి, ఆ తర్వాతే తీర్పు.

కోర్టు సమన్లను గుర్తుపట్టడం సులభం. దానిమీద కోర్టు పేరు, ముద్ర, కేసు నంబరు, మీరు హాజరు కావలసిన తేదీ ఉంటాయి. సమన్లు వస్తే మాత్రం ఆ తేదీకి తప్పక వెళ్లాలి. వెళ్లకపోతే మీ మాట వినకుండానే బ్యాంకుకు డిక్రీ ఇచ్చే వీలుంది.

పోస్టు తీసుకోకుండా తిప్పి పంపితే తప్పించుకున్నట్టు కాదు. సరైన చిరునామాకు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో వచ్చినదాన్ని వద్దన్నా, అందినట్టే లెక్క వేస్తారు. కవరు తీసుకుని, అందిన తేదీ దానిమీద రాసుకోండి.

2. అరెస్టు, వేలం గురించి

పంట పోయి రుణం కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ బాకీ. అయితే నోటీసులో చెక్కు బౌన్సు మాట ఉందేమో చూడండి. ఉంటే అది వేరే విషయం. నోటీసు అందిన 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టకపోతే సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు వేయవచ్చు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా వకీలును కలవండి.

పొలం విషయానికొస్తే, కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదని అందులోని సెక్షన్ 31 చెబుతోంది. అందువల్ల సాగు భూమి మీదికి రావాలంటే కోర్టు గాని, చట్టం అధికారం ఇచ్చిన అధికారి గాని ఉత్తర్వు ఇవ్వాలి. ఇల్లు తాకట్టు పెట్టినా, ట్రాక్టరు బ్యాంకు రుణంతో కొన్నా ఈ రక్షణ వాటికి ఉండదు. ఇంటి తాకట్టుపై సెక్షన్ 13(2) నోటీసు వస్తే 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి.

3. ముందుగా లెక్క చూడండి

నోటీసులోని అంకె బ్యాంకు చెప్పే అంకె మాత్రమే. శాఖకు వెళ్లి రుణం ఇచ్చిన రోజు నుంచి ఈ రోజు వరకు ఖాతా స్టేట్‌మెంటు రాతపూర్వకంగా అడగండి. ఉదాహరణకు ఒక వరి రైతు సంగతి ఇలా అనుకుందాం.

ఆయన 2022 జూన్‌లో 1,20,000 రూపాయల పంట రుణం తీసుకున్నారు. 2023 జూన్‌లో కట్టాలి, కట్టలేకపోయారు. మొదటి ఏడాది వడ్డీ 7 శాతం చొప్పున 8,400. గడువు దాటాక రాయితీ వడ్డీ పోయి 11 శాతం పడింది, ఆరు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసింది. 2025 డిసెంబరుకు బాకీ సుమారు 1,67,800 అయింది. వకీలు ఖర్చు 3,200 కలిపి 1,71,000 కట్టమని నోటీసు వచ్చింది.

స్టేట్‌మెంటును తన రసీదులతో పోల్చి చూస్తే, 2024 ఏప్రిల్‌లో కట్టిన 15,000 అందులో లేదు. ఆ సొమ్ము పొరపాటున ఆయన బంగారం రుణం ఖాతాలో జమ అయింది. దాన్ని సరిచేసి, దానిపై పడిన వడ్డీ తీసేస్తే పంట రుణం బాకీ సుమారు 1,50,000కు దిగుతుంది. రుణమాఫీ సొమ్ము, పంటల బీమా పరిహారం కూడా ఏ ఖాతాలో జమ అయ్యాయో ఇలాగే చూసుకోవాలి.

ఇంకొక మాట. చిన్న, సన్నకారు రైతుల స్వల్పకాలిక పంట రుణాలపై వేసే మొత్తం వడ్డీ అసలును మించకూడదని రిజర్వు బ్యాంకు నియమం. పాత బాకీల్లో ఇది తప్పక చూడండి.

4. ఇప్పుడే నోటీసు ఎందుకు వచ్చింది?

తాకట్టు లేని రుణంపై దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు. పై రైతు రుణానికి 2023 జూన్ నుంచి లెక్కిస్తే ఆ గడువు 2026 జూన్‌కు ముగుస్తుంది, అందుకే ముందుగా నోటీసు పంపారు. భూమి తాకట్టు ఉంటే గడువు 12 ఏళ్లు.

"రెన్యువల్ కాగితం" అని, "బాకీ ఒప్పుకోలు" అని బ్యాంకువారు సంతకం అడిగేది కూడా ఇందుకే. ఆ గడువు ముగియకముందు సంతకం చేస్తే గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకు వస్తుంది. అందులోని అంకె మీ లెక్కతో సరిపోయిందో చూసుకున్నాకే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద ఎప్పుడూ పెట్టవద్దు.

5. జవాబు రాయండి

మౌనంగా ఉండటం వల్ల మేలు లేదు. నోటీసు గడువులోగా వకీలుకు, బ్యాంకు మేనేజరుకు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో జవాబు పంపి రసీదు దాచుకోండి. చిన్న ఉత్తరం చాలు:

"మీ నోటీసు ఫలానా తేదీన అందింది. నా రుణ ఖాతా పూర్తి స్టేట్‌మెంటు ఇప్పించగలరు. ఫలానా తేదీన నేను కట్టిన 15,000 రూపాయలు లెక్కలో కనబడటం లేదు, రసీదు నకలు జతచేశాను. లెక్క సరిచేశాక, పంట అమ్మకాలను బట్టి వాయిదాల్లో చెల్లించేందుకు అవకాశం ఇవ్వగలరు."

ఇలా రాయడమంటే బాకీ ఒప్పుకోవడమే అవుతుంది కాబట్టి, మీ బాకీ చాలా పాతదైనా, అసలు మీది కాకపోయినా వకీలును అడగకుండా ఉత్తరం పంపవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి, ఆదాయ పరిమితిలో ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

6. లోక్ అదాలత్‌లో రాజీ పడేముందు

లోక్ అదాలత్‌కు రమ్మన్న పిలుపు కూడా రాజీకి పిలుపే. రాజీ ఇష్టం లేకపోతే ఒప్పుకోనక్కరలేదు. ఒకసారి ఒప్పుకుని సంతకం చేస్తే మాత్రం అది కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. వాయిదా తప్పితే బ్యాంకు మళ్లీ దావా వేయనక్కరలేదు, నేరుగా వసూలుకు దిగవచ్చు.

అందుకని కట్టగలిగిన అంకె, కట్టగలిగిన నెల మాత్రమే ఒప్పుకోండి. పై రైతు జనవరిలో వానాకాలం ధాన్యం డబ్బు చేతికొచ్చాక 50,000, యాసంగి ధాన్యం అమ్మాక జూన్‌లో మిగతా లక్ష అని అడగవచ్చు. వాయిదాల కాలానికి వడ్డీ వేస్తారా లేదా అన్నది కూడా రాజీ పత్రంలో రాయించుకోవాలి. నెలనెలా కడతానని ఒప్పుకుంటే ఫిబ్రవరికే చిక్కులో పడతారు.

డబ్బు రుణ ఖాతాలోనే కట్టి రసీదు తీసుకోండి, వసూలుకు వచ్చినవారి ఫోన్‌కు పంపవద్దు. చివరి వాయిదా కట్టిన రోజే బాకీ లేదన్న ధ్రువపత్రం అడిగి, తాకట్టు పెట్టిన కాగితాలు ఉంటే వెనక్కి తీసుకోండి.