గర్భిణి బరువు: ఎంత పెరగాలనే లెక్క ఎలా మారింది?

వికారాబాద్ జిల్లాలోని ఏ అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళినా ఒక బరువు యంత్రం, గర్భిణుల చేతుల్లో తల్లీబిడ్డల రక్షణ కార్డు కనిపిస్తాయి. ఆ కార్డులో ప్రతి పరీక్ష నాటి బరువు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆ గడిలో రాసిన అంకె ఎక్కువో తక్కువో ఎలా చెప్పగలం? దీనికి వైద్యశాస్త్రం ఇచ్చిన సమాధానం గత నూట ముప్పై ఏళ్ళలో దాదాపు తలకిందులైంది. ఈ భాగంలో ఆ మార్పు ఎలా జరిగిందో, నేటి లెక్క ఏమిటో, లెక్క తప్పినప్పుడు ఏం చేయాలో తెలుసుకుంటారు.

1. తక్కువ తినమన్న కాలం

“ఎక్కువ తింటే బిడ్డ లావవుతుంది, కాన్పు కష్టమవుతుంది” అన్న మాట మన పల్లెల్లో పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. దీన్ని కేవలం పల్లె నమ్మకంగా భావించడం సరికాదు. 1889లో జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన ప్రోకోవ్నిక్ అనే వైద్యుడు ఇదే మాటను శాస్త్రంగా రాశాడు. ఆ రోజుల్లో యూరప్ నగరాల్లో రికెట్స్ వ్యాధి వల్ల కటి ఎముకలు ఇరుకైన స్త్రీలు చాలామంది ఉండేవారు. సిజేరియన్ శస్త్రచికిత్స అప్పట్లో ప్రాణాంతకం. అందువల్ల చివరి వారాల్లో ఆహారాన్ని, ద్రవాలను తగ్గిస్తే బిడ్డ చిన్నదై కాన్పు సులువవుతుందని ఆయన సూచించాడు. మన పెద్దల సలహా వెనుకా ఇదే భయం ఉంది. ఆసుపత్రి అందుబాటులో లేని చోట పెద్ద బిడ్డ అంటే తల్లి ప్రాణానికి ముప్పే.

కారణం మారినా ఈ సలహా ఇరవయ్యో శతాబ్దంలోనూ కొనసాగింది. గుర్రపువాతం, అంటే గర్భిణికి రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చే స్థితి, అధిక బరువు వల్ల వస్తుందని వైద్యులు అనుకున్నారు. నిజానికి ఆ జబ్బులో ఒంట్లో నీరు చేరడం వల్ల బరువు పెరుగుతుంది. ఫలితాన్ని కారణంగా పొరబడ్డారు. అమెరికాలో 1950, 60 దశకాల్లో గర్భిణులు 7 నుంచి 9 కిలోలు మించి పెరగకూడదని కట్టడి చేసి, ఉప్పు మాన్పించి, మూత్రం ఎక్కువగా పోయే మందులు కూడా ఇచ్చారు.

2. హైదరాబాదుతో ముడిపడిన ఆధారాలు

ఈ నమ్మకాన్ని కదిలించిన ఆధారాల్లో ఒకటి యుద్ధకాలపు కరువు. 1944–45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో ఆహారం దొరకని నెలల్లో పుట్టిన శిశువుల సగటు బరువు సుమారు 300 గ్రాములు తగ్గింది.

మరొక ఆధారం మన దేశానిది. కూనూరులో పనిచేస్తూ 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయాలే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థకు నాయకత్వం వహించిన డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లో గర్భిణుల బరువు మీద ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. పేద కుటుంబాల స్త్రీలు గర్భకాలమంతటిలో పెరిగే బరువు సుమారు 6 కిలోలేనని ఇటువంటి పరిశోధనల్లో తేలింది. చక్కగా తినే స్త్రీలలో ఇది 12 కిలోల దరిదాపుల్లో ఉంటుంది.

ఈ తేడా ఎక్కడిది? పన్నెండున్నర కిలోల పెరుగుదలలో శిశువు వాటా మూడున్నర కిలోలకు మించదు. మాయ, ఉమ్మనీరు కలిపి సుమారు కిలోన్నర. పెరిగిన గర్భాశయం, రొమ్ములు సుమారు కిలోన్నర. అదనపు రక్తం, ఒంట్లోని నీరు కలిపి దాదాపు మూడు కిలోలు. మిగిలిన మూడు కిలోలకు పైబడినది తల్లి ఒంట్లో చేరే కొవ్వు. పాలిచ్చే నెలలకు అదే నిల్వ. ఆరు కిలోలే పెరిగిన తల్లికి ఈ నిల్వ ఏర్పడదు, బిడ్డ కూడా తక్కువ బరువుతో పుడుతుంది. అదే సంస్థలో డాక్టర్ లీలా అయ్యంగార్ 1960 దశకంలో, గర్భం చివరి వారాల్లో పేద స్త్రీలకు అదనపు ఆహారమిస్తే శిశువు బరువు పెరుగుతుందని చూపారు.

3. అందరికీ ఒకే అంకె కాదు

1970లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పాత కట్టడిని సడలించి 9 నుంచి 11 కిలోల పెరుగుదలను సూచించింది. అయినా అది అందరికీ ఒకే అంకె. బక్కపలచని స్త్రీకీ, స్థూలకాయురాలికీ ఒకే కొలత ఎలా సరిపోతుంది? 1990లో అక్కడి వైద్య సంస్థ గర్భానికి ముందున్న బీఎంఐని బట్టి వేర్వేరు లక్ష్యాలు నిర్ణయించి, 2009లో వాటిని సవరించింది. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే బీఎంఐ వస్తుంది. బెల్జియం గణితజ్ఞుడు క్వెట్లెట్ 1830 దశకంలో కనుగొన్న ఈ నిష్పత్తికి 1972లో ఆ పేరు స్థిరపడింది.

2009 లక్ష్యాలు ఇవి. ఇవి గర్భంలో ఒకే శిశువు ఉన్నప్పుడు వర్తిస్తాయి.

- బీఎంఐ 18.5 కంటే తక్కువ: మొత్తం 12.5–18 కిలోలు, నాలుగో నెల నుంచి వారానికి సుమారు 0.5 కిలో
- 18.5 నుంచి 24.9: 11.5–16 కిలోలు, వారానికి సుమారు 0.4 కిలో
- 25 నుంచి 29.9: 7–11.5 కిలోలు, వారానికి సుమారు 0.3 కిలో
- 30, ఆపైన: 5–9 కిలోలు, వారానికి సుమారు 0.2 కిలో

మొదటి మూడు నెలల్లో అందరికీ అరకిలో నుంచి రెండు కిలోలు చాలు. వాంతుల వల్ల ఆ కాలంలో కొంత తగ్గడం కూడా సాధారణమే.

ఇవి అమెరికా స్త్రీల సమాచారం నుంచి వచ్చిన అంకెలు కదా, మనకు పనికివస్తాయా అని మీకు సందేహం రావచ్చు. 2016లో ఎనిమిది దేశాల ఆరోగ్యవంతులైన గర్భిణుల మీద వచ్చిన అధ్యయనంలో మన పొరుగున ఉన్న నాగపూర్ కూడా ఒక కేంద్రం. సాధారణ బీఎంఐ గల ఆ స్త్రీలు సగటున 13.7 కిలోలు పెరిగారు. అయితే బీఎంఐ 23 దాటితేనే మనవారిలో మధుమేహం ముప్పు మొదలవుతుంది కాబట్టి, 23 నుంచి 25 మధ్య ఉన్నవారు తమ లక్ష్యంలో కింది అంచుకు దగ్గరగా ఉండటం మేలు. మన ప్రభుత్వం 2010లో ఏఎన్ఎంలకు ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం అందరికీ 9–11 కిలోలు అనే ఒకే అంకె చెప్పాయి. బక్కపలచని తల్లికి అది చాలదు.

4. బరువు నెమ్మదిగా పెరిగితే

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. తాండూరులో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే స్త్రీ ఎత్తు 150 సెంటీమీటర్లు, గర్భానికి ముందు బరువు 40 కిలోలు. 40ని 2.25తో భాగిస్తే బీఎంఐ 17.8. లక్ష్యం కనీసం 12.5 కిలోలు. పన్నెండో వారంలో 41 కిలోలు, ఇరవయ్యో వారంలో 42.5 కిలోలు ఉంది. ఎనిమిది వారాల్లో కిలోన్నరే పెరిగింది, పెరగవలసింది నాలుగు కిలోలు. ఇదే వేగం కొనసాగితే నలభయ్యో వారానికి మొత్తం పెరుగుదల సుమారు 6.3 కిలోలవుతుంది. అంటే గోపాలన్ బృందం అరవై ఏళ్ళ క్రితం చూసిన అంకే.

ముందు అంకె నిజమో కాదో చూడాలి. అదే యంత్రం మీద, చెప్పులు లేకుండా మళ్ళీ తూయాలి. తర్వాత కారణం వెతకాలి. వాంతులు ఇంకా ఉన్నాయా, ఉదయం తిండికి బదులు చాయ్‌తో సరిపెడుతోందా, ఇంట్లో చివరగా మిగిలినది తింటోందా అని అడగాలి. విడవని దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడాలి. గర్భాశయం ఎత్తు వారాలకు తగ్గట్టు పెరగకపోతే స్కానింగ్ అవసరం.

జబ్బేమీ లేకపోతే ఆహారమే మందు. గర్భిణికి రోజుకు అదనంగా 350 కిలోకేలరీలు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణం. ఒక మధ్యరకం జొన్నరొట్టె, ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు కలిపితే దాదాపు అంత వస్తుంది. ఈమె మొదటినుంచీ తక్కువగా తింటోంది కాబట్టి వీటితోపాటు రోజూ ఒక గిన్నె కందిపప్పు, గుప్పెడు పల్లీలు చేర్చాలి. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో అన్నం, పప్పు, కూరతోపాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. అయితే ఆ భోజనం తిన్నాక ఇంట్లో ఒక పూట మానేస్తే అదనం ఏమీ మిగలదు. ఈ ప్రశ్న తప్పక అడగాలి. 2022 డిసెంబరులో న్యూట్రిషన్ కిట్లు మొదటగా ఇచ్చిన తొమ్మిది జిల్లాల్లో వికారాబాద్ ఒకటి. వాటి ప్రధాన లక్ష్యం రక్తహీనత. రక్తం పెరగడం, బరువు పెరగడం రెండు వేర్వేరు విషయాలు. రెండింటినీ విడిగా చూడాలి.

ఇకనుంచి వారానికి అరకిలో చొప్పున పెరిగితే మిగిలిన ఇరవై వారాల్లో పది కిలోలు చేరి, మొత్తం 12.5 అవుతుంది. పోయిన రెండున్నర కిలోలను ఒక్క నెలలో రాబట్టే ప్రయత్నం అక్కర్లేదు.

5. బరువు వేగంగా పెరిగితే

ఇప్పుడు వికారాబాద్ పట్టణంలో అదే ఎత్తుతో, 60 కిలోల బరువున్న మరో స్త్రీని ఊహించుకోండి. బీఎంఐ 26.7, లక్ష్యం 7–11.5 కిలోలు. ఇరవై నాలుగో వారంలో 65, ఇరవై ఎనిమిదో వారంలో 69 కిలోలు. ఒక్క నెలలో మూడు కిలోలు మించితే అనుమానించాలని 2010 మార్గదర్శకాలే చెబుతాయి.

ఇక్కడ మొదటి ప్రశ్న తిండి గురించి కాదు, రక్తపోటు గురించి. అది 140/90 లేదా అంతకు మించినా, మూత్రంలో ప్రోటీన్ కనిపించినా, ముఖం, చేతులు ఉబ్బినా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కడుపు పైభాగంలో నొప్పి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి పంపాలి. అవసరమైతే 108కు ఫోన్ చేయాలి. తర్వాత మధుమేహం. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటలకు చక్కెర 140 లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహంగా పరిగణిస్తారు. కవలలున్నారేమో కూడా చూడాలి. కవలలుంటే లక్ష్యమే మారుతుంది.

ఇవన్నీ మామూలుగా ఉంటే అప్పుడు తిండి. రోజుకు నాలుగు చాయ్‌లలో చక్కెర, బేకరీ తినుబండారాలు, మిర్చీబజ్జీలు, కూల్‌డ్రింకులు తగ్గించాలి. అన్నం కొంత తగ్గించి కూర, పప్పు పెంచాలి. వైద్యుడు వద్దనకపోతే రోజూ అరగంట నడవాలి. ఉపవాసాలు, పూట మానడం, బరువు తగ్గించే ప్రయత్నం మాత్రం చేయకూడదు. అది ప్రోకోవ్నిక్ సలహాకు తిరిగి వెళ్ళడమే అవుతుంది. ఈమె ఇప్పటికే 9 కిలోలు పెరిగింది. మిగిలిన పన్నెండు వారాల్లో వారానికి 0.3 కిలో చొప్పున పెరిగితే మొత్తం సుమారు పన్నెండున్నర అవుతుంది. పరిమితి కాస్త దాటినా ఫరవాలేదు. వేగాన్ని సరిచేయడమే ఇక్కడ లక్ష్యం.

ఈ లెక్కలన్నిటికీ ఒక షరతు ఉంది. తొలి బరువు తెలియాలి. అయిదో నెలలో మొదటిసారి కేంద్రానికి వచ్చిన స్త్రీకి గర్భానికి ముందు బరువు ఎవరూ చెప్పలేరు. అప్పుడు వారం వారం వేగమే ఆధారం. అందుకే నెల తప్పిన వెంటనే పేరు నమోదు చేయించి, ఎత్తు, బరువు రెండూ కార్డులో రాయించాలి.

మీ అవగాహనను సరిచూసుకోండి

1. గర్భిణి తక్కువ తినాలన్న సలహా యూరప్‌లోనూ మన పల్లెల్లోనూ ఏ భయం నుంచి పుట్టింది?
2. ఎత్తు 155 సెంటీమీటర్లు, తొలి బరువు 50 కిలోలు ఉన్న స్త్రీకి బీఎంఐ, బరువు పెరుగుదల లక్ష్యం లెక్కకట్టండి.
3. నెలలో నాలుగు కిలోలు పెరిగిన గర్భిణికి తిండి తగ్గించమని చెప్పే ముందు ఏయే పరీక్షలు చేయించాలి? ఎందుకు?