బొచ్చుకుక్క కథ
సాగదీసిన సినిమా కనిపిస్తే చాలు, సమీక్షకులు దాన్ని ‘షాగీ డాగ్ స్టోరీ’ అనేస్తున్నారు. ఆ మాటకు అంత తేలికైన అర్థం లేదు. పాత ఇంగ్లీషులో చిక్కుపడిన గరుకు జుట్టుకు ఉన్న మాట నుంచే ‘షాగీ’ వచ్చింది. కథకు ఆ పేరు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో పడింది. 1953లో నిఘంటుకారుడు ఎరిక్ పార్ట్‌రిడ్జ్ దీని మీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. పేరుకు మూలమని చెప్పే కథ ఒకటుంది. తప్పిపోయిన బొచ్చుకుక్కను తెచ్చినవారికి బహుమానమని లండన్ ధనవంతుడొకడు ప్రకటన ఇస్తాడు. అది చదివిన అమెరికావాడు అలాంటి కుక్కనే వెతికి పట్టి, ఓడెక్కించి, సముద్రం దాటించి, నానా పాట్లూ పడి ఆ ఇంటి తలుపు తడతాడు. తలుపు తీసినవాడు కుక్కను చూసి, ‘మరీ ఇంత బొచ్చుది కాదండీ!’ అంటాడు. అంతే. వినేవాడు కూడబెట్టుకున్న ఆశనంతా ఆ ఒక్క వాక్యం కావాలనే వమ్ము చేస్తుంది. కథలోని కిటుకు అదే. ఓడ ప్రయాణాన్ని కుదిస్తే ముగింపు పేలదు. ముగింపులో నిజంగా చమత్కారం పెడితే అది మామూలు జోకైపోతుంది. మన ఏడు చేపల కథను కూడా ఈ కోవలో వేయడం నాకు నచ్చదు. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు, దానికి ఆవు, చివరికి చీమ, ఇలా అక్కడ ప్రతి ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. ‘సోది’ అన్నా పొసగదు. ఎరుకలసాని చెప్పే జోస్యానికున్న ఆ పేరు ఇప్పుడు విసిగించే మాటలకు వాడుకైంది. బొచ్చుకుక్క కథకుడు విసిగించడు, ఊరిస్తాడు.